30 ఏళ్ల అపార్ట్‌మెంట్‌కి స్ట్రక్చరల్ ఆడిట్ అడుగుతున్నారా? లెటర్‌లో ఏం రాయాలి, రిపోర్ట్‌లో ఏం చూడాలి?

పార్కింగ్‌లో పిల్లర్‌కి నిలువుగా ఒక పగులు. సీలింగ్ నుంచి పెచ్చులు ఊడి కారు బానెట్ మీద పడ్డాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఫొటో వచ్చింది. కింద పదిహేను కామెంట్లు. "మేస్త్రీని పిలిపించి సిమెంట్ కొట్టిద్దాం" అని ఒకరు. "బిల్డింగ్ కట్టి 30 ఏళ్లు దాటింది, ముందు ఇంజనీర్‌తో చెక్ చేయించండి" అని ఇంకొకరు. "ఊరికే భయపెట్టకండి, ఫ్లాట్ రేటు పడిపోతుంది" అని మూడో ఆయన. అక్కడితో డిస్కషన్ క్లోజ్.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో 1990ల్లో కట్టిన అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి ఈ సీన్ కొత్త కాదు. అప్పట్లో వరసగా లేచిన స్టిల్ట్ ప్లస్ ఫోర్, స్టిల్ట్ ప్లస్ ఫైవ్ బిల్డింగ్‌లన్నీ ఇప్పుడు ఒకేసారి ముప్పై ఏళ్ల వయసుకి వస్తున్నాయి. అందుకే 'స్ట్రక్చరల్ సేఫ్టీ ఆడిట్ చేయించండి' అనే రిక్వెస్ట్ అసోసియేషన్ల ముందుకి వస్తోంది. కానీ ఆ రిక్వెస్ట్ ఎలా రాయాలో తెలియక ఎక్కువగా ఫస్ట్ స్టెప్‌లోనే ఆగిపోతోంది. లేదంటే ఎవరో ఒకరు వచ్చి గోడ మీద సుత్తిలాంటి మెషిన్‌తో నాలుగుచోట్ల కొట్టి 'ఓకే' అని పేపర్ ఇచ్చి వెళ్లిపోతున్నారు. ఈ రెండింటి మధ్య అసలు జరగాల్సింది ఏంటో చూద్దాం.

అసలు 30 ఏళ్లే ఎందుకు?

ఈ నంబర్ గాల్లోంచి రాలేదు. ముంబై మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో 353బి అనే సెక్షన్ ఉంది. దాని ప్రకారం బిల్డింగ్‌కి 30 ఏళ్లు నిండితే, కార్పొరేషన్ దగ్గర రిజిస్టర్ అయిన స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో చెక్ చేయించి స్టెబిలిటీ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ బాధ్యత ఓనర్లు, అందులో ఉండేవాళ్లదే. వయసు లెక్క కూడా చట్టంలోనే ఉంది. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన రోజు, ఆక్యుపెన్సీ పర్మిషన్ వచ్చిన రోజు, సగం బిల్డింగ్‌లోకి జనం దిగిన రోజు... వీటిలో ఏది ముందైతే అక్కడి నుంచి లెక్క.

అమెరికాలో ఫ్లోరిడాది ఇంకో కథ. అక్కడ మయామీ ప్రాంతంలో 40 ఏళ్లు నిండిన బిల్డింగ్‌ని మళ్లీ సర్టిఫై చేయించాలనే రూల్ ఉండేది. 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక, సర్ఫ్‌సైడ్‌లో ఛాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే అపార్ట్‌మెంట్ కూలింది. 98 మంది చనిపోయారు. 1981లో కట్టిన ఆ బిల్డింగ్ సరిగ్గా 40వ ఏడు సర్టిఫికెట్ పనుల్లో ఉండగానే పడిపోయింది. ఆ తర్వాత 2022లో ఫ్లోరిడా కొత్త చట్టం చేసింది. మూడంతస్తులు, అంతకంటే ఎక్కువ ఉన్న కాండోమినియంలకి 30 ఏళ్లకి మొదటి ఇన్‌స్పెక్షన్, తర్వాత ప్రతి పదేళ్లకి ఒకటి.

మరి మన దగ్గర? జీహెచ్ఎంసీ చట్టం 1955లో 456వ సెక్షన్ ఉంది. శిథిలమైన, కూలిపోయేలా ఉన్న కట్టడాల మీద నోటీసు ఇచ్చే అధికారం కమిషనర్‌కి ఇస్తుంది. ప్రతి ఏటా వానాకాలం ముందు పాత బిల్డింగ్‌ల లిస్ట్ తీసి నోటీసులు ఇచ్చేది దీని కిందే. అయితే తేడా గమనించండి. ముంబై రూల్ వయసు చూస్తుంది. ఇక్కడి సెక్షన్ కళ్ల ముందు కనిపించే ప్రమాదాన్ని చూస్తుంది. అంటే మీ బిల్డింగ్‌కి 30 నిండినా, బయటికి బాగానే కనిపిస్తుంటే ఎవరూ వచ్చి తలుపు కొట్టరు. ఆడిట్ మీరే అడగాలి, మీరే చేయించుకోవాలి.

లోపల ఏం జరుగుతోంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఊహించి చెప్తున్న అపార్ట్‌మెంటే, కానీ ఇలాంటివి ఏ కాలనీలో చూసినా కనిపిస్తాయి. 1995లో కట్టారు. కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు, మొత్తం 20 ఫ్లాట్లు. స్టెయిర్‌కేస్ మీద ఓవర్‌హెడ్ ట్యాంక్. పార్కింగ్‌లో ఒక మూల వాచ్‌మన్ రూమ్, దాని పక్కన సంప్.

ఆ రోజుల్లో అమల్లో ఉన్నది ఐఎస్ 456 కోడ్ 1978 నాటి వెర్షన్. అందులో ఆర్‌సీసీకి కనీసం ఎం15 కాంక్రీట్ వాడొచ్చు. 2000లో కోడ్ మార్చినప్పుడు కనీసం ఎం20 చేశారు. స్లాబ్‌లో రాడ్ మీద ఉండే కాంక్రీట్ మందం, దాన్నే కవర్ అంటారు, పాత కోడ్‌లో 15 మిల్లీమీటర్లు ఉంటే చాలు. కొత్త కోడ్ మామూలు వాతావరణంలోనే 20 అంటుంది, కాస్త తేమ ఉండే చోట 30, సముద్రం పక్కన 45 అడుగుతుంది. అంటే మీ బిల్డర్ మోసం చేయకపోయినా, రూల్ ప్రకారమే కట్టినా, రాడ్‌కి ఉన్న రక్షణ ఇవాళ్టి లెక్కలో తక్కువే.

ఆ కవర్ ఎందుకంత ముఖ్యం? కొత్త కాంక్రీట్ గట్టి క్షారం. పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంతకాలం రాడ్‌కి తుప్పు పట్టదు. కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏటా కొంచెం కొంచెంగా లోపలికి వెళ్తుంది. అది వెళ్లిన మేర క్షారం పోతుంది. దీన్ని కార్బనేషన్ అంటారు. ఆ గీత రాడ్ దాకా చేరిన రోజు నుంచి, అక్కడ తడి కూడా తగిలితే, తుప్పు మొదలవుతుంది.

తుప్పు పట్టిన ఇనుము తన అసలు సైజుకంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. లోపలి నుంచి కాంక్రీట్‌ని నెడుతుంది. మొదట రాడ్ పొడవునా సన్నటి పగులు, తర్వాత తుప్పు మరక, ఆ తర్వాత పెచ్చు ఊడటం. అంటే కారు మీద పెచ్చు పడిన రోజు సమస్య మొదలవలేదు. అప్పటికే కొన్నేళ్లుగా లోపల నడుస్తోంది. మనకి కనిపించింది లాస్ట్ సీన్.

మేస్త్రీ సిమెంట్ కొడితే ఏమవుతుంది?

పైకి కనిపించదు, అంతే. తుప్పు రాడ్ మీదే ఉంటుంది, కింద కొత్త ప్లాస్టరింగ్ దాన్ని దాచేస్తుంది. రెండు, మూడు వానాకాలాల తర్వాత అదే చోట, ఇంకా పెద్ద పెచ్చు.

ఈలోపు జరిగే నష్టాన్ని లెక్కేసి చూడండి. 12 మిల్లీమీటర్ల రాడ్ తుప్పు పట్టి 10 మిల్లీమీటర్లకి తగ్గిందనుకుందాం. చూపుకి రెండు మిల్లీమీటర్లే. కానీ బరువు మోసేది రాడ్ అడ్డకోత. అది 113 చదరపు మిల్లీమీటర్ల నుంచి 78.5కి పడిపోతుంది. అంటే 30 శాతం బలం పోయినట్టు. కంటికి చిన్నగా కనిపించేది లెక్కలో ఇంత పెద్దగా ఉంటుంది కాబట్టే ఆడిట్‌లో రాడ్ మందం కొలవాలి, అంచనా వేయకూడదు.

అన్ని పగుళ్లూ ప్రమాదమేనా?

కాదు. ఇది కూడా తెలుసుకోవాలి, లేకపోతే ఉత్త భయమే మిగులుతుంది. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా కనిపించే సన్నటి గీతలు చాలావరకు పైపూతవే. ఇటుక గోడకి, బీమ్‌కి మధ్య అడ్డంగా వచ్చే గీత కూడా ఎక్కువగా రెండు వేరు వేరు మెటీరియల్స్ కలిసిన చోట వచ్చేదే.

ఆందోళన పడాల్సినవి వేరే. పిల్లర్‌లో రాడ్ వెంట నిలువుగా సాగే పగులు. బీమ్‌లో సపోర్ట్ దగ్గర ఏటవాలుగా వచ్చే పగులు. స్లాబ్ అడుగున తుప్పు రంగు మరక. వేలితో లేదా చిన్న సుత్తితో తడితే 'డబ్‌డబ్' అని బోలు శబ్దం. వీటిలో ఏది పిల్లర్ లేదా బీమ్ మీద కనిపించినా, అది ప్లాస్టర్ సమస్య కాదనే అనుకుని ఇంజనీర్‌ని పిలవాలి.

లెటర్ ఎవరికి రాయాలి?

చాలామంది చేసే తప్పు ఇక్కడే. కోపంలో డైరెక్ట్‌గా మున్సిపాలిటీకి కంప్లైంట్ పెడతారు. కార్పొరేషన్ సిబ్బంది వస్తారు, చూస్తారు, కూలేలా ఉంటే నోటీసు ఇస్తారు. కానీ వాళ్లు మీ బిల్డింగ్ లోపలి పరిస్థితి మీద టెస్టులు చేసి రిపోర్ట్ ఇవ్వరు. ఆ పని చేయించుకోవాల్సింది ఓనర్లే. అందుకే మొదటి లెటర్ అసోసియేషన్‌కి వెళ్లాలి. అప్పటికే పిల్లర్ నలిగినట్టు, స్లాబ్ కుంగినట్టు కనిపిస్తే మాత్రం ఆగకూడదు. ఆ రోజే మున్సిపల్ ఆఫీస్‌కి చెప్పాలి.

ఇక్కడ ఓనర్లకి ఒక లీగల్ పాయింట్ ఉపయోగపడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం పునాదులు, పిల్లర్లు, బీమ్‌లు అందరికీ ఉమ్మడి ఆస్తి. అంటే మీ హాల్‌లో ఉన్న పిల్లర్ మీ ఒక్కరిది కాదు. అందువల్ల రెండు విషయాలు తేలిపోతాయి. ఒకటి, "లీకేజీ మా పైఫ్లోర్‌లోనే ఉంది, కింద వాళ్లం మేమెందుకు డబ్బులివ్వాలి" అనే వాదన నిలబడదు. రెండు, "మా ఇంట్లో మేం ఇంటీరియర్స్ చేయించుకుంటూ గోడ తీసేస్తాం, మీకేంటి" అనేది కూడా నిలబడదు.

రెండో పాయింట్ ఎంత సీరియస్సో ముంబైలోని ఘాట్‌కోపర్ చెప్తుంది. 2017 జూలై 25న అక్కడ సాయి సిద్ధి అనే నాలుగంతస్తుల బిల్డింగ్ కూలి 17 మంది చనిపోయారు. 1980ల నాటి బిల్డింగ్ అది. గ్రౌండ్ ఫ్లోర్‌లో అంతకుముందు నర్సింగ్ హోమ్ ఉన్న చోట రెనొవేషన్ పని నడుస్తోంది. ఆ పనిలో పిల్లర్ల జోలికి వెళ్లారన్నదే కేసులో ప్రధాన ఆరోపణ. ముప్పై ఏళ్లకి ఆడిట్ చేయాలన్న రూల్ అప్పటికే ముంబైలో ఉంది. రూల్ ఉండటం వేరు, కింద ఫ్లోర్‌లో పని మొదలైనప్పుడు ఎవరో ఒకరు ఆపి అడగటం వేరు.

లెటర్‌లో ఉండాల్సినవి

'మా బిల్డింగ్‌ని చెక్ చేయించండి' అని ఒక్క లైన్ రాస్తే, జవాబు కూడా ఒక్క లైన్‌లోనే వస్తుంది. మన ఉదాహరణలోని 20 ఫ్లాట్ల బిల్డింగ్‌కి రిక్వెస్ట్ ఇలా ఉండాలి.

• ఏం కనిపించింది, ఎక్కడ, ఎప్పటి నుంచి: 'పార్కింగ్‌లో లిఫ్ట్ పక్క పిల్లర్, నేల నుంచి రెండడుగుల ఎత్తులో నిలువు పగులు, గత వానాకాలం నుంచి' అని రాయాలి. ఫొటోలో స్కేల్ గానీ, నాణెం గానీ పక్కన పెట్టి తీయాలి.

• బిల్డింగ్‌లో వచ్చిన మార్పులు: తర్వాత కట్టిన పెంట్‌హౌస్, టెర్రస్ మీద అదనంగా పెట్టిన ట్యాంకులు, సెల్ టవర్, తీసేసిన గోడలు. పదివేల లీటర్ల ట్యాంక్ అంటే నీళ్లే పది టన్నులు. డిజైన్‌లో లేని ఆ బరువు ఇంజనీర్‌కి తెలియాలి.

• ఏ పేపర్లు ఉన్నాయి: శాంక్షన్ ప్లాన్, స్ట్రక్చరల్ డ్రాయింగ్స్. బిల్డర్ దగ్గర దొరక్కపోతే ప్లాన్ కాపీ కోసం మున్సిపల్ ఆఫీస్‌లో ఆర్‌టీఐ పెట్టొచ్చు. పాత ఫైల్స్‌లో ప్లాన్ దొరికినా రాడ్ల డ్రాయింగ్ దొరక్కపోవచ్చు. అప్పుడు స్కానర్‌తో రాడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి కొత్తగా డ్రాయింగ్ తయారు చేయాలి. ఆ పని కూడా ఆడిట్‌లో భాగమని ముందే రాయించుకోవాలి.

• ఎవరు చేయాలి: లైసెన్స్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్, లేదా ఇంజనీరింగ్ యూనివర్సిటీ సివిల్ డిపార్ట్‌మెంట్. జేఎన్‌టీయూ, నిట్ వరంగల్ లాంటి చోట్ల ఇలాంటి పనులు కన్సల్టెన్సీ కింద తీసుకుంటారు.

• ఒక కండిషన్: ఆడిట్ చేసేవాళ్లు, ఆ తర్వాత రిపేర్ కాంట్రాక్ట్ తీసుకునేవాళ్లు ఒకరే కాకూడదు.

చివరి పాయింట్ దగ్గర ఒక నిమిషం ఆగుదాం. "ఆడిట్ ఫ్రీగా చేస్తాం" అని వచ్చే వాటర్‌ప్రూఫింగ్ కంపెనీలు చాలా ఉన్నాయి. వాళ్లు చూసేది వాళ్లు అమ్మే కెమికల్‌కి సరిపోయే సమస్యనే. బీమ్‌లో సమస్య ఉంటే అది వాళ్ల ప్రొడక్ట్‌తో తీరదు కాబట్టి రిపోర్ట్‌లోకి రాదు. ఇంకోవైపు, అవసరం లేని పని కూడా రావచ్చు. అందుకే పేషెంట్‌కి టెస్ట్ రాసేవాళ్లు, మందు అమ్మేవాళ్లు వేరుగా ఉండాలి.

టెస్టుల్లో ఏం నమ్మాలి?

ఆడిట్ మొదటి దశ కళ్లతో చూడటమే. అది కూడా పార్కింగ్‌లో నిలబడి కాదు. ప్రతి ఫ్లాట్‌లోకి, బాత్‌రూమ్ కింద స్లాబ్‌లోకి, డక్ట్‌లోకి, టెర్రస్ మీదికి వెళ్లాలి. మన అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్‌ల దగ్గర స్లాబ్‌ని దించి, ఆ గుంతలో ఇటుక ముక్కలు నింపి టైల్స్ వేస్తారు. పైపు లీకైతే నీళ్లు ఆ గుంతలోనే నిలుస్తాయి. అందుకే ఎక్కువ డ్యామేజ్ బాత్‌రూమ్ కిందే కనిపిస్తుంది. ఫ్లాట్ తాళం వేసుందని వదిలేస్తే, అసలు చూడాల్సింది వదిలేసినట్టే.

ఆ తర్వాత టెస్టులు. అందరికీ తెలిసింది రీబౌండ్ హ్యామర్. సుత్తిలాంటి మెషిన్‌ని కాంక్రీట్‌కి ఆనించి నొక్కితే, లోపలి స్ప్రింగ్ ఎంత వెనక్కి ఎగిరిందో చూపిస్తుంది. దాన్ని బట్టి బలం అంచనా వేస్తారు. చవక, తొందరగా అయిపోతుంది. కానీ పాత బిల్డింగ్‌లో ఇదే మోసం చేస్తుంది. ఎందుకంటే కార్బనేషన్ అయిన పైపొర గట్టిపడుతుంది. హ్యామర్ కొలిచేది ఆ పైపొరనే. లోపలి కాంక్రీట్ బలహీనంగా ఉన్నా రీడింగ్ ఎక్కువ వస్తుంది. అంటే కేవలం హ్యామర్ రీడింగులతో 'బిల్డింగ్ స్ట్రాంగ్' అని వచ్చిన రిపోర్ట్‌ని 30 ఏళ్ల బిల్డింగ్ విషయంలో నమ్మడానికి లేదు.

దీనికి జవాబు కోర్ టెస్ట్. పిల్లర్ లేదా బీమ్ నుంచి గుండ్రంగా చిన్న కాంక్రీట్ ముక్క కోసి, ల్యాబ్‌లో నలగ్గొట్టి చూస్తారు. రాడ్ తెగకుండా ముందు స్కానర్ పెట్టాలి. కోసిన రంధ్రాన్ని కుంచించుకుపోని గ్రౌట్‌తో వెంటనే నింపాలి. "పిల్లర్‌కి కన్నం పెడతారా?" అని రెసిడెంట్స్ అడ్డం పడేది ఇక్కడే. ఎక్కడ కోయాలో నిర్ణయించేది ఇంజనీర్ అయితే, నింపడం సరిగా జరిగితే దాంతో ముప్పు లేదు.

నంబర్లు ఎలా చదవాలి? మన బిల్డింగ్ డిజైన్ ఎం15, అంటే చదరపు మిల్లీమీటర్‌కి 15 న్యూటన్లు. మూడు కోర్లు 13.8, 12.1, 14.0 వచ్చాయనుకుందాం. సగటు 13.3. ఐఎస్ 456 లెక్కలో సగటు డిజైన్ బలంలో 85 శాతం ఉండాలి, అంటే 12.75. ఏ ఒక్కటీ 75 శాతం, అంటే 11.25 కంటే తగ్గకూడదు. రెండూ పాస్. ఈ కొలత కొత్త కాంక్రీట్ కోసం పెట్టింది, పాత బిల్డింగ్‌లో ఇంజనీర్లు పోలిక కోసం వాడతారు. ఇదే బిల్డింగ్‌లో హ్యామర్ 22 చూపించి ఉండొచ్చు. చూశారుగా తేడా!

అయితే కాంక్రీట్ పాసైతే పని అయిపోలేదు. అసలు శత్రువు తుప్పు కదా. దానికి సింపుల్ టెస్ట్ ఒకటి ఉంది. కాంక్రీట్‌ని కొంచెం పగలగొట్టి ఆ తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం స్ప్రే చేస్తారు. క్షారం ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది. పోయిన చోట రంగు రాదు. రంగు రాని మందాన్ని స్కేల్‌తో కొలుస్తారు.

మన బిల్డింగ్‌లో ఆ మందం 20 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. కార్బనేషన్ మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుంది. సుమారుగా కాలానికి వర్గమూలం లెక్కలో. ఆ లెక్కన స్లాబ్ రాడ్ మీదున్న 15 మిల్లీమీటర్ల కవర్‌ని అది దాదాపు 17వ ఏడులోనే దాటేసింది. అంటే 13 ఏళ్లుగా స్లాబ్ రాడ్‌కి రక్షణ లేదు, తడి తగిలిన ప్రతిచోటా తుప్పుకి దారి ఉంది. బీమ్ రాడ్ మీద 25 మిల్లీమీటర్ల కవర్ ఉంటే, అక్కడికి చేరడానికి దాదాపు 47 ఏళ్లు పడుతుంది. ఇంకా టైమ్ ఉంది. పిల్లర్ కవర్ 40 ఉంటే ఇంకా ఎక్కువ. కానీ అది డ్రాయింగ్‌లో ఉన్న నంబర్. సైట్‌లో రాడ్ పక్కకి జరిగి 15 మిల్లీమీటర్లే మిగిలితే, ఆ పిల్లర్ కూడా స్లాబ్ కథలోనే ఉంటుంది. అందుకే కవర్ మీటర్‌తో కొలవడం కూడా అడగాలి.

ఒకే బిల్డింగ్, ఒకే కాంక్రీట్. స్లాబ్‌కి ఒక జవాబు, బీమ్‌కి ఒక జవాబు. మంచి రిపోర్ట్ అంటే ఇలా విడివిడిగా చెప్పేది. 'మొత్తం మీద బాగుంది' అని చెప్పేది కాదు.

రిపోర్ట్ వచ్చాక

ముంబైలో బిల్డింగ్‌లని నాలుగు క్యాటగిరీలుగా విడదీస్తారు. సీ1 అంటే ఉండటానికి వీల్లేదు, ఖాళీ చేసి కూల్చాలి. సీ2ఏ అంటే పెద్ద రిపేర్, కొంత ఖాళీ చేయాలి. సీ2బీ అంటే స్ట్రక్చరల్ రిపేర్ కావాలి కానీ ఖాళీ చేయక్కర్లేదు. సీ3 అంటే చిన్న రిపేర్లు. మన దగ్గర ఆ పేర్లు వాడాల్సిన పని లేదు. కానీ మీ ఇంజనీర్‌ని ఇదే ప్రశ్న అడగండి: "ఈ నాలుగింట్లో మా బిల్డింగ్ ఎక్కడ? ఏ భాగం వల్ల?" జవాబు రాతపూర్వకంగా ఉండాలి. ముంబైలో రెండు రిపోర్టులు రెండు రకాలుగా వస్తే తేల్చడానికి టెక్నికల్ అడ్వైజరీ కమిటీ ఉంది. మీకు అనుమానం ఉంటే రెండో ఇంజనీర్‌కి మొదటి రిపోర్ట్‌లోని టెస్ట్ నంబర్లు ఇవ్వండి. ఒపీనియన్ మారొచ్చు, నంబర్లు మారకూడదు.

రిపేర్‌లో ముందు చేయాల్సింది నీళ్లు ఆపడం. లీకేజీ ఆపకుండా స్లాబ్ బాగుచేస్తే డబ్బు నీళ్లపాలే, అక్షరాలా. ఆ తర్వాత కింద జాకీలు పెట్టి బరువు తీసుకోవాలి, వదులైన కాంక్రీట్‌ని రాడ్ వెనక దాకా తీసేయాలి, తుప్పు పూర్తిగా గీకాలి, బలం తగ్గిన చోట కొత్త రాడ్ కలపాలి, అప్పుడు రిపేర్ మోర్టార్ లేదా మైక్రో కాంక్రీట్. మేస్త్రీ కొటేషన్‌లో 'రాడ్ వెనక దాకా' అనే మాట లేకపోతే, అది ప్లాస్టరింగ్ కొటేషనే.

అసలు అడ్డంకి డబ్బు

టెక్నికల్ విషయాలకంటే మీటింగ్‌లో ఎక్కువ టైమ్ తినేది ఇదే. కింది ఫ్లోర్ వాళ్లకి లీకేజీ లేదు. అద్దెకి ఇచ్చిన ఓనర్‌కి ఆ ఇంట్లో ఉండే పని లేదు. ఇంకో ఇద్దరు ఓనర్లు డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటారు, ఓటు వాట్సాప్‌లో. అమ్మే ఆలోచనలో ఉన్నాయన అసలు రిపోర్టే వద్దంటాడు. తప్పు పట్టడానికి లేదు, ఎవరి లెక్క వాళ్లది.

సర్ఫ్‌సైడ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 2018లోనే కన్సల్టింగ్ ఇంజనీర్ రిపోర్ట్ ఇచ్చారు. స్విమ్మింగ్ పూల్ పక్క డెక్ కింద వాటర్‌ప్రూఫింగ్ ఫెయిలైందని, దానివల్ల కింది స్లాబ్‌కి పెద్ద డ్యామేజ్ జరిగిందని అందులో ఉంది. అప్పటి అంచనా 90 లక్షల డాలర్ల పైన. ఓనర్ల మధ్య గొడవలయ్యాయి, 2019లో బోర్డు మెంబర్లు కొందరు రాజీనామా చేశారు. 2021 ఏప్రిల్‌లో బోర్డు అధ్యక్షురాలు ఓనర్లకి లెటర్ రాశారు, డ్యామేజ్ బాగా ముదిరిందని. అప్పటికి బిల్లు కోటిన్నర డాలర్లకి చేరింది. జూన్‌లో బిల్డింగ్ కూలింది. ఆ తర్వాత జరిగిన ప్రభుత్వ దర్యాప్తులో పూల్ డెక్‌లో డిజైన్ లోపాలు కూడా బయటపడ్డాయి. అంటే రిపేర్ ఒక్కటే సమస్య కాదు. అయినా మనకి పనికొచ్చే పాయింట్ ఇది: వాళ్ల దగ్గర ఆడిట్ ఉంది. రిపోర్ట్‌కి, పనికి మధ్య రెండున్నరేళ్లు పోయాయి.

అందుకే తీర్మానం రెండుగా పెట్టడం మంచిది. మొదటి తీర్మానం ఆడిట్ ఖర్చుకి మాత్రమే. మాట వరసకి కొటేషన్ రెండు లక్షలు వచ్చిందనుకుంటే, 20 ఫ్లాట్లకి తలా పదివేలు. దీనికి 'సరే' అనడం ఈజీ. రెండో తీర్మానం కూడా అదే రోజు: రిపోర్ట్ వచ్చిన 30 రోజుల్లో జనరల్ బాడీ పెట్టాలి, రిపోర్ట్ మొత్తం కాపీ ప్రతి ఓనర్‌కీ, అద్దెకి ఉన్నవాళ్లకీ ఇవ్వాలి. ఈ రెండో తీర్మానం లేకపోతే రిపోర్ట్ సెక్రటరీ గారి బీరువాలోకి వెళ్లిపోతుంది. ఆ ఇంట్లో నిద్రపోయేది అద్దెకి ఉన్నవాళ్లు కూడా కాబట్టి వాళ్లకి కాపీ ఇవ్వడం మర్యాద కోసం కాదు.

రేటు పడిపోతుందా?

ఈ భయం నిజమే, కొట్టిపారేయలేం. 'ఆడిట్ నడుస్తోంది' అంటే కొనేవాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. కానీ కొనేవాడు కూడా పార్కింగ్‌లోంచే లోపలికి వస్తాడు, ఊడిన పెచ్చు అతనికీ కనిపిస్తుంది. రిపోర్ట్ లేని పెచ్చుకి అతను ఊహించుకున్నంత రేటు తగ్గిస్తాడు. స్లాబ్ రిపేర్ అయింది, బీమ్‌లు, పిల్లర్లు ఓకే అని టెస్ట్ నంబర్లతో పేపర్ ఉంటే బేరం ఆ పేపర్ మీద నడుస్తుంది.

మీటింగ్ ఆదివారం అయితే, ఇవాళే చేయగల పని

పార్కింగ్‌లో ఆ పగులు దగ్గరికి వెళ్లండి. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన ఇవాళ్టి తేదీ రాయండి. పగులు మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి రెండువైపులా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించండి. ఫొటో తీసుకోండి. నెల తర్వాత గాజు చిట్లినా, పగులు పెన్సిల్ గీత దాటినా, అది కదులుతున్న పగులు. అప్పుడు మీ లెటర్‌లో రాయాల్సిన మొదటి లైన్ అదే, తేదీతో సహా. గాజు చెక్కుచెదరకపోతే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ లోపల తుప్పు సంగతి గాజు చెప్పదు. దానికి ఆ గులాబీ రంగు టెస్టే కావాలి.